చెంపలకు నిండుదనం: రంగు చాలునా, సూదిమందు కావలెనా?

కొందరి మొహం ఎదురుగా చూస్తే చక్కగానే ఉంటుంది. పక్కనుంచి ఫోటో తీస్తే మాత్రం కంటి కిందినుంచి పైపెదవి వరకు పలక పరచినట్లు చదునుగా కనిపిస్తుంది. చాలామందిలో ఇది ఒళ్లు చేయకపోవడం వల్ల వచ్చినది కాదు; కంటి కింది ఎముక, పైదవడ పుట్టుకతోనే కాస్త వెనక్కు ఉండడం వల్ల వచ్చినది. మీ సంగతి ఇంట్లోనే తెలుసుకోవచ్చు. కెమెరాను కంటి ఎత్తున ఉంచి, సరిగ్గా పక్కనుంచి ఫోటో తీయించుకోండి. కనుగుడ్డు ముందంచునుంచి కిందికి నిట్టనిలువుగా ఒక గీత ఊహించండి. బుగ్గ ఆ గీతకు బాగా వెనకనే ఉండిపోయిందా? అయితే చదును ఎముకలో ఉన్నదన్నమాట. అటువంటివారు కడుపునిండా నిద్రపోయినా కళ్లకింద నీడపడి, అలసినట్లే అగుపిస్తారు.

ముందు రంగు సంగతి చూద్దాం. లేత రంగు ముందుకు వచ్చినట్లు, ముదురు రంగు వెనక్కు పోయినట్లు కంటికి తోస్తుంది. కాంటూర్ కిటుకంతా ఇంతే. కాని చెంప ఎముక కింద గోధుమరంగు గీత బలంగా దిద్దమని అందరికీ చెప్పే సలహా ఈ మొహానికి పనికిరాదు. అసలే వెనక ఉన్న భాగాన్ని అది ఇంకా వెనక్కు నెట్టి, మనిషి చిక్కిపోయినట్లు చూపిస్తుంది. కాంటూర్‌ను చెవి దగ్గర పలచగా అద్ది ఊరుకోండి. కంటి బయటికొస కింద, బుగ్గ ముందుభాగాన, మీ ఒంటిరంగుకన్న ఒక్క ఛాయ లేతదైన క్రీము వేళ్లతో అద్దండి. దానికి కాస్త పైగా, బయటివైపుగా బ్లష్ రాయండి. చామనఛాయకు ఇటుకరంగు, నేరేడుపండు రంగు నప్పుతాయి. పాలగులాబీ రంగు బూడిద పూసినట్లుంటుంది. మన ఎండలకు క్రీము జారకుండా పైన పొడి బ్లష్ కొద్దిగా అద్దాలి.

రంగుకు ఉన్న హద్దు ఒక్కటే, కాని పెద్దది. అది ఎదుటివారి కంటికి చేసే గారడీ. తల పక్కకు తిప్పగానే గారడీ విడిపోతుంది.

ఫిల్లర్ నిజంగానే ఎత్తు పెంచుతుంది. చెంపలకు ఎక్కువగా వాడేది హైయలురోనిక్ ఆమ్లంతో చేసిన జిగురు. దాన్ని డాక్టరు సూదితోగాని, మొండిమొన గల సన్నని గొట్టంతోగాని లోతుగా, ఎముకను ఆనుకొనేలా పెడతాడు. ఎముక చేయవలసిన పనిని అది కొంత చేస్తుంది.

ఇరవయ్యారేళ్ల అమ్మాయి ఒకతె, పది రోజుల్లో పెళ్లి పెట్టుకొని, తల్లితో డాక్టరు దగ్గరకు వెళ్లిందనుకుందాం. మంచి డాక్టరయితే ముందు పళ్లు కరిచి చూపించమంటాడు. కిందిపళ్లు పైపళ్లకు ముందుకు వస్తే లోపం దవడల పొందికలో ఉన్నట్టు. దాన్ని ఫిల్లర్ సరిచేయలేదు, పళ్ల డాక్టరు చూడవలసిందే. ఈ అమ్మాయి పళ్లు సరిగానే ఉన్నాయి. అయినా, “పది రోజుల్లో వద్దమ్మా, వాపూ కమిలిన మచ్చా రెండు వారాలదాకా ఉండవచ్చు” అంటాడు. పెళ్లికి రంగుతోనే సరిపెట్టుకొని, తరువాత తీరికగా వస్తే మొదటిసారి ఒక్కొక్క బుగ్గకు అర మిల్లీలీటరు పెడతాడు. రెండువైపులా కలిపి చెంచాలో ఐదోవంతు! నెల తరువాత చూసి, చాలకపోతే మరికొంత. ఒక్కసారే నింపమని పట్టుబట్టే పెద్దలుంటారు, వినకూడదు. మోతాదు మించితే నవ్వినప్పుడు బుగ్గలు పైకి తన్ని కళ్లు చిన్నవవుతాయి. అందరూ గుర్తుపట్టేది ఆ ఉబ్బరాన్నే.

అసలు భయపడవలసింది వాపుకు కాదు. అరుదుగా జిగురు రక్తనాళంలోకి పోయి దారి మూసేస్తుంది. చర్మం తెల్లగా పాలిపోవడం, ఊదారంగు వలలాంటి మచ్చలు, తగ్గకుండా పెరిగే నొప్పి దాని గుర్తులు. చూపు మసకబారితే క్షణం ఆలస్యం చేయరాదు, తెల్లవారనిద్దామని పడుకోకూడదు. ఈ జిగురును కరిగించే హైయలురోనిడేజ్ అనే మందు ఉన్నది. అది మీ దగ్గర ఉన్నదా అని సూది పొడిపించుకోకముందే డాక్టరును అడగండి. లేదంటే లేచి వచ్చేయండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మొహంమీద కురుపులున్నవారు ఆగాలి. పన్ను పీకించుకొనే పని ఉంటే దానికీ దీనికీ మధ్య రెండు వారాలయినా ఎడం ఉండాలి.

ఇక పోషణ. బ్లష్ సాయంత్రానికి చెరిగిపోతుంది, డబ్బా నెలల తరబడి వస్తుంది. ఫిల్లర్ సాధారణంగా ఏడాదినుంచి రెండేళ్ల వరకు నిలుస్తుంది. ఒక్కొక్క సిరంజి వేల రూపాయలు, ఆ ఖర్చు మళ్లీ మళ్లీ వస్తుంది. అయితే పాతది పూర్తిగా పోకముందే కేలండరు చూసి కొత్తది పోయించుకుంటే ఉబ్బరం పేరుకుంటుంది. మొదటినాటి పక్కఫోటో దాచుకోండి. అదే కిటికీ దగ్గర, అదే ఎత్తునుంచి కొత్తది తీయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూసిన తరువాతే మళ్లీ డాక్టరు గడప తొక్కండి.