గోడ కొట్టకముందే అందరూ ఒకచోట కూర్చోవాలి

కొత్తగా ఫ్లాట్ చేతికొచ్చింది. లోపల సిమెంటు గోడలు, నేల తప్ప ఏమీ లేవు. ప్లంబరు, ఎలక్ట్రీషియన్, ఏసీ వాళ్లు, టైల్స్ మేస్త్రి, ఫాల్స్ సీలింగ్ వాళ్లు, మాడ్యులర్ కిచెన్ కంపెనీ, పెయింటరు. ఏడుగురితో ఏడు బేరాలు కుదిరాయి. ఎవరి పని వాళ్లకు బాగానే వచ్చు. అయినా ఇల్లు పూర్తయ్యేసరికి ఎక్కడో ఒకచోట కొత్త టైల్ పగలగొట్టాల్సి వస్తుంది, రంగు వేసిన గోడకు మళ్లీ గాడి కొట్టాల్సి వస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో వెతికితే చాలాసార్లు అది ఏ ఒక్కరి పనిలోనూ కనిపించదు. ఒకరి పని ముగిసి ఇంకొకరి పని మొదలయ్యే చోట ఉంటుంది.

అందుకే మొదటి గాడి కొట్టకముందే ఏడుగురినీ ఒకే రోజు, అదే ఖాళీ ఫ్లాట్‌లో నిలబెట్టి మాట్లాడించాలి. ఎవరి షోరూములోనో కూర్చుంటే లాభం లేదు, గోడ కళ్లముందు ఉండాలి. ధర మాట్లాడిన సేల్స్ మనిషి కాకుండా, కొలతలు తీసుకునే మనిషి, పని చేయించే మేస్త్రి రావాలి. అందరినీ కలిపి నడిపించే బాధ్యత ఒక్కరికే అప్పగించాలి. అది సైట్ ఇంజినీరు కావచ్చు, ఇంట్లోవాళ్లలో తీరిక ఉన్న ఒకరు కావచ్చు.

వట్టి చేతులతో వస్తే ఆ సమావేశం పరిచయాలతోనే ముగుస్తుంది. కాబట్టి వారం ముందే ఒక్కొక్కరికీ విడిగా సందేశం పంపాలి. కిచెన్ కంపెనీకి పంపేది ఇలా ఉండవచ్చు: “మీ పని: అరలు, చిమ్నీ, స్టవ్ బిగించడం. గ్రానైట్, టైల్స్, కరెంటు, నీళ్లు మీ పని కాదు. తేవలసినవి: కరెంటు పాయింట్లు, నీటి పాయింట్లు ఎక్కడెక్కడ, నేల నుంచి ఎంత ఎత్తులో కావాలో చూపే డ్రాయింగ్. చిమ్నీ, స్టవ్, డిష్‌వాషర్ మోడళ్ల కొలతల కాగితాలు. మీరు పని మొదలుపెట్టేనాటికి మిగతావాళ్లు ఏమేం పూర్తిచేసి ఉండాలో జాబితా.” ఇందులో ‘మీ పని కాదు’ అన్న వాక్యాన్ని వదిలేయకూడదు. ఎవరిదీ కాకుండా మిగిలిపోయే పనులు అక్కడే బయటపడతాయి. చిమ్నీ పొగగొట్టం కోసం గోడకు ఆరంగుళాల కన్నం వేయాలి. అది మేస్త్రి వేస్తాడని కిచెన్ వాళ్లు, కిచెన్ వాళ్లు వేసుకుంటారని మేస్త్రి అనుకుంటారు.

సమావేశంలో మొట్టమొదట తేలాల్సింది ఎత్తులు ఎక్కడి నుంచి కొలవాలన్న సంగతి. చిమ్నీ పాయింట్ ఎంత ఎత్తులో ఇవ్వాలని ఎలక్ట్రీషియన్ అడుగుతాడు. ఏడడుగులని కిచెన్ మనిషి చెబుతాడు. అనుభవమున్న టైల్స్ మేస్త్రి అయితే వెంటనే అడ్డుపడతాడు: “ఏడడుగులు ఎక్కణ్ణించి సార్? ఇప్పుడున్న నేల నుంచా, టైల్ పడ్డాక వచ్చే నేల నుంచా?” కింద మాలు, పైన టైల్ కలిపి నేల రెండు మూడు అంగుళాలు పైకొస్తుంది. ఒకరు పాత నేల నుంచి, ఇంకొకరు కొత్త నేల నుంచి కొలిస్తే స్విచ్‌బోర్డు వెళ్లి గ్రానైట్ అంచుకు తగులుతుంది. అందుకని ఆరోజే నీళ్ల ట్యూబుతోనో లేజర్‌తోనో అన్ని గదుల గోడల మీదా ఒకే మట్టంలో గీత గీయించాలి. ‘ఈ గీత టైల్ వేశాక వచ్చే నేలకు సరిగ్గా మూడడుగుల పైన ఉంటుంది’ అని అందరి ముందూ చెప్పాలి. ఇకమీదట ఏడుగురూ ఆ గీత నుంచే కొలవాలి.

తర్వాత ఒక్కో గోడ దగ్గరికీ నడవాలి. పడకగదిలో ఏసీ వచ్చే గోడనే తీసుకుందాం. లోపలి యూనిట్ నుంచి కారే నీరు దాని బరువుతో అదే దిగాలి, పైకి ఎక్కదు. కాబట్టి ఆ పైపును ఫాల్స్ సీలింగ్ పైకి ఎక్కించి దాచలేం. గోడలోనే వాలుగా పోవాలి. మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు కావాలి. బాత్రూము ఐదు మీటర్ల దూరంలో ఉంటే పైపు ఆ చివర ఐదు సెంటీమీటర్లు దిగి ఉండాలి. ఇక యూనిట్ పైన గాలి పీల్చుకోవడానికి, ఫిల్టర్ తీయడానికి కంపెనీ చెప్పినంత ఖాళీ వదలాలి. కాబట్టి ఫాల్స్ సీలింగ్ ఎంత కిందికి దిగుతుందో తెలియకుండా యూనిట్ ఎత్తు చెప్పలేం. అది తెలియకుండా పైపు ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం. పైపు చివర నీరు దిగే చోటును బాత్రూము టైల్స్ పడకముందే ప్లంబరు సిద్ధం చేయాలి. అదే గోడలో ఎలక్ట్రీషియన్ పైపులు ఈ దారికి అడ్డం రాకూడదు. ఒక్క సన్నని పైపు మీద ఇంతమంది పని ఆధారపడి ఉంది.

ఇలాంటి చోట ప్రతి ఒక్కరినీ రెండు ప్రశ్నలు అడగాలి. నువ్వు మొదలుపెట్టాలంటే నీకు ఎవరు ఏం ఇవ్వాలి? నువ్వు వెళ్లేటప్పుడు ఎవరికి ఏం అప్పగిస్తావు? సీలింగ్ మనిషి మట్టం చెబుతాడు, ఏసీ మనిషి పైపు దారిని గోడ మీద సుద్దముక్కతో గీస్తాడు, ప్లంబరు చివరి చోటు గుర్తు పెడతాడు, ఎలక్ట్రీషియన్ తన దారి పక్కకు జరుపుకుంటాడు. గాడి పూడ్చకముందు పైపులో చెంబుడు నీళ్లు పోసి అవతల చుక్క మిగలకుండా దిగాయో లేదో చూడాలి. టేపు పక్కన పెట్టి ఫొటో తీయాలి. ఆ తర్వాతే గోడ మూయాలి. ఈ పరీక్ష ఎగ్గొడితే ఎండాకాలంలో ఏసీ వేసిన కొన్నాళ్లకు గోడ మీద చెమ్మ మచ్చలు కనిపిస్తాయి.

ఆరోజు తేల్చకూడని సంగతి కూడా ఒకటుంది. కిచెన్ అరలు ఫ్యాక్టరీలో తయారయ్యేందుకు ఇచ్చే తుది కొలతలు అప్పుడే తీయకూడదు. గోడకు టైల్ ఎక్కితే గది రెండు వైపులా కాస్త ఇరుకవుతుంది. అందుకని మొదటిరోజు పాయింట్ల డ్రాయింగ్ మాత్రమే ఖాయం చేసి, టైల్స్ పూర్తయ్యాక మళ్లీ కొలవాలి. ఈ రెండో కొలత తేదీని మాత్రం సమావేశంలోనే రాసుకోవాలి.

అంతా అయ్యాక ఒక పేజీలో రాసి అందరికీ పంపాలి: ఎవరి పని ఏది, ఎవరు ఎవరికి ఏమి, ఎప్పటికి అప్పగించాలి. మార్పు ఏదైనా నడిపించే మనిషికే రాతలో చెప్పాలి. మధ్యలో ఇంట్లోవాళ్లు డిష్‌వాషర్ కావాలన్నారనుకోండి. దానికి 16 ఆంపియర్ల ప్లగ్, నీళ్ల కుళాయి, మురుగునీటి దారి కావాలి. అవి యంత్రం వెనక కాక పక్క అరలో, చేతికి అందేలా రావాలి. ఆ మాట ప్లంబరు చెవిలో మాత్రమే వేస్తే ఎలక్ట్రీషియన్‌కు తెలిసేసరికి టైల్స్ పడిపోయి ఉంటాయి.

డబ్బు చెల్లింపులు కూడా ఈ అప్పగింతలకే ముడిపెట్టాలి. ప్లంబరు బిల్లు పాసయ్యేముందు టైల్స్ మేస్త్రి వచ్చి చూసి, దీని మీద పని చేసుకోవచ్చని చెప్పాలి. ఎలక్ట్రీషియన్ పాయింట్లను కిచెన్ మనిషి టేపుతో కొలిచి ఒప్పుకోవాలి. తర్వాత పని చేసేవాడి కన్ను మనకన్నా ముందు తప్పు పట్టుకుంటుంది.

సమావేశం ఫలించిందో లేదో తెలుసుకోవడానికి మర్నాడు ఇద్దరికి విడివిడిగా ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి: “చిమ్నీ కన్నం ఎవరు వేస్తున్నారు?” రెండు జవాబులు వస్తే పని మొదలుపెట్టనివ్వకండి. మళ్లీ ఒకసారి అందరినీ పిలవండి. ఒక పూట ఆలస్యం కావడం, పగలగొట్టిన టైల్స్ మళ్లీ వేయించుకోవడం కన్నా చాలా చవక.