రక్తంలో ఆక్సిజన్ 50: లోపం ఊపిరిదా, ఊపిరితిత్తులదా?

విశాఖపట్నంలో ఒక ఎమర్జెన్సీ వార్డు అనుకుందాం. ముప్పై ఏళ్లవాళ్లు ఇద్దరు వచ్చారు. ఒకరు నిద్రమాత్రలు ఎక్కువగా మింగి మత్తులో ఉన్నారు, మరొకరికి న్యుమోనియా. మణికట్టు ధమని నుంచి రక్తం తీసి చూస్తే ఇద్దరికీ ఆక్సిజన్ పీడనం 50 మాత్రమే. బీపీ లాగే దీన్నీ పాదరసం మిల్లీమీటర్లలోనే కొలుస్తారు. ఉండాల్సింది 90 పైన. ఇద్దరిలో ఎవరి ఊపిరితిత్తులు చెడిపోయాయో ఆ 50 చెప్పదు. అది తేలాలంటే ఊపిరితిత్తుల చివర ఉండే సన్నని గాలి గదుల్లో, అంటే ఆల్వియోలైలో, ఎంత ఆక్సిజన్ ఉందో తెలియాలి. అక్కడికి గొట్టం వేసి కొలవలేం కాబట్టి లెక్క కట్టాలి.

```
PAO2 = FiO2 × (Patm − 47) − PaCO2 ÷ 0.8
```

సముద్రమట్టం దగ్గర గాలి పీడనం 760. పీల్చిన గాలి లోపలికి వెళ్లేసరికి పూర్తిగా తడిసిపోతుంది, ఆ నీటి ఆవిరి వాటా 47. మిగిలిన 713లో ఆక్సిజన్ 21 శాతం, అంటే సుమారు 150. గాలి గదిలో ఇందులోంచి ఆక్సిజన్ రక్తంలోకి పోతుంటే, బదులుగా కార్బన్ డయాక్సైడ్ వచ్చి చేరుతుంది. శరీరం పది పాళ్ల ఆక్సిజన్ వాడుకుంటే ఎనిమిది పాళ్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, 0.8 అక్కడిదే. ఆరోగ్యవంతుడి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 40. దాన్ని 0.8తో భాగిస్తే 50. 150లోంచి అది తీసేస్తే 100.

హైదరాబాద్ ఎత్తులో గాలి పీడనం దాదాపు 715 కాబట్టి అదే మనిషికి అక్కడ 90 వస్తుంది.

ఇప్పుడు మన ఇద్దరి సంగతి. మత్తులో ఉన్నవారి కార్బన్ డయాక్సైడ్ 72. 0.8తో భాగిస్తే 90, గాలి గదిలో మిగిలేది 60. రక్తంలో 50 ఉంది, తేడా పదే. ఈ వయసుకు అది మామూలే. ఊపిరితిత్తులు బాగున్నాయి, మనిషే సరిగా ఊపిరి తీయడం లేదు. న్యుమోనియా రోగి ఎగశ్వాసతో కార్బన్ డయాక్సైడ్‌ను 32కు దించేశారు. వారి గాలి గదిలో 110 ఉండాలి, రక్తానికి చేరింది 50. అరవై తేడా! లోపం ఊపిరితిత్తులదే.

అసలు ప్రమాదం మొదటివారికి ఆక్సిజన్ పెట్టాక మొదలవుతుంది. 30 శాతం ఆక్సిజన్ ఇస్తే గాలి గదిలో పీడనం 124కు చేరుతుంది, వేలి క్లిప్పు మంచి అంకె చూపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ మాత్రం 72 దగ్గరే ఉంటుంది, ఇంకా పెరగనూ వచ్చు. వారికి కావలసింది ఊపిరి ఆడించే సాయం.

ఈ లెక్కకూ ఒక బలహీనత ఉంది. మామూలు మాస్కుతో ఎంత శాతం ఆక్సిజన్ లోపలికి వెళ్తోందో కచ్చితంగా తెలియదు, అప్పుడు తేడా కూడా ఉజ్జాయింపే. అందుకే వీలైతే ఆక్సిజన్ పెట్టకముందే రక్తం తీయడం మేలు. రోగి ఊపిరాడక విలవిల్లాడుతుంటే మాత్రం ముందు ఆక్సిజనే, లెక్క తర్వాత.