ప్రభుత్వం ఎత్తేయమన్నా ఆగని కేసు

2015 మార్చి 13న కేరళ అసెంబ్లీలో ఆర్థిక మంత్రి కె.ఎం. మాణి బడ్జెట్ ప్రవేశపెడుతుంటే ప్రతిపక్ష సభ్యులు కొందరు స్పీకర్ వేదిక మీదికెక్కారు. కుర్చీ, కంప్యూటరు, మైకులు విరిగిపడ్డాయి. నష్టం 2,20,093 రూపాయలని లెక్క తేలింది. శాసనసభ కార్యదర్శి ఫిర్యాదుతో కేసు నమోదైంది, ఆరుగురు నిందితులపై చార్జిషీటు కోర్టుకు చేరింది. 2016లో ఆ ప్రతిపక్షమే అధికారంలోకి వచ్చింది. ఆ తర్వాత కేసు ఉపసంహరణకు అనుమతి కోరుతూ ప్రాసిక్యూటర్ పిటిషన్ వేశారు.

'ప్రభుత్వం కేసులు ఎత్తేసింది' అని మన పత్రికల్లో తరచూ చదువుతుంటాం. చట్టం ప్రభుత్వానికి ఆ అధికారం ఇవ్వలేదు. జీవో ఇచ్చినంత మాత్రాన కోర్టులో ఉన్న కేసు ఆగదు. ఆ కేసు నడుపుతున్న పబ్లిక్ ప్రాసిక్యూటరే కోర్టు అనుమతి అడగాలి. పాత సీఆర్‌పీసీలో ఇది 321వ సెక్షన్. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 360వ సెక్షన్.

అసలు చార్జిషీటు వేయాలా వద్దా అన్నది మన దేశంలో పీపీ చేతిలో లేదు. ఆ నిర్ణయం దర్యాప్తు చేసిన పోలీసులది. ఆధారాలు లేవంటూ వాళ్లు కేసు మూసేయబోతే, మేజిస్ట్రేటు ఫిర్యాదుదారుకు నోటీసిచ్చి, అతని అభ్యంతరం వినాలి. మరింత దర్యాప్తు చేయమనవచ్చు, లేదా ఉన్న ఆధారాలతోనే కేసును తానే విచారణకు స్వీకరించవచ్చు. కానీ చార్జిషీటు వేసి తీరమని పోలీసులను ఆదేశించలేరని 1968లోనే సుప్రీంకోర్టు తేల్చింది. పీపీ విచక్షణ ముఖ్యంగా పరీక్షకు వచ్చేది ఆ తర్వాతే, కేసు కొనసాగించాలా విరమించాలా అన్న దగ్గర.

ప్రభుత్వం పీపీకి సలహా ఇవ్వవచ్చు, అందులో తప్పేమీ లేదు. ఆయన ఫైలు తిరగేసి, ప్రజాప్రయోజనం ఏమిటో తానే తూచుకుని, సొంతంగా నిర్ణయానికి రావాలి. పైనుంచి వచ్చిన ఉత్తరం కింద సంతకం పెట్టి కోర్టుకు పంపితే ఆ పిటిషన్ నిలవకూడదు. నియమించేది ప్రభుత్వమే కాబట్టి పీపీకి 'కాదు' అనడం తేలిక కాదు. నా దృష్టిలో ఈ ఏర్పాటులోని అసలు బలహీనత ఇదే. అందుకే రెండో తాళం చెవి జడ్జి చేతిలో ఉంది.

జడ్జి చూసేదానికీ హద్దుంది. నిందితుడికి శిక్ష పడుతుందా లేదా అని సాక్ష్యాలను మళ్లీ తూకం వేయరు. పీపీ నిజంగా ఆలోచించారా, నిజాయితీగా అడుగుతున్నారా, న్యాయ ప్రక్రియను పక్కదారి పట్టించడానికా అన్నదే చూస్తారు. రాజకీయ కారణం ఉందన్న ఒక్క మాటతో ఉపసంహరణ చెల్లకుండా పోదు. ఎమర్జెన్సీ నాటి బరోడా డైనమైట్ కేసును జార్జి ఫెర్నాండెజ్ తదితరులపై విరమించుకోవడాన్ని 1980లో సుప్రీంకోర్టు సమర్థించింది.

కేరళ పిటిషన్ ఆ పరీక్షకు నిలబడలేదు. ఘటన సభ లోపల జరిగింది కాబట్టి సభ్యులకు రక్షణ ఉందని, స్పీకర్ అనుమతి లేకుండా కేసు పెట్టారని వాదించారు. తిరువనంతపురం మేజిస్ట్రేటు కోర్టు 2020 సెప్టెంబరులో కాదంది. 2021 మార్చిలో హైకోర్టూ కాదంది. అదే ఏడాది జులై 28న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం తుది మాట చెప్పింది: సభ్యులకు రక్షణ ఉన్నది మాట్లాడేందుకూ ఓటు వేసేందుకూ గానీ, ప్రజల సొమ్ముతో కొన్న వస్తువులు పగలగొట్టేందుకు కాదు. నిందితుల్లో ఒకరైన శివన్‌కుట్టి అప్పటికే రాష్ట్ర విద్యాశాఖ మంత్రి. అయినా విచారణ ఎదుర్కోవాల్సిందేనని కోర్టు తేల్చింది.

ఇది గెలిచిన పోరాటం, ఎందుకంటే ఎదురు నిలబడి అభ్యంతరం చెప్పినవాళ్లున్నారు. అలాంటివాళ్లు లేని చోట పీపీ అడుగుతారు, నిందితుడు తలూపుతాడు, జడ్జి రెండు వాక్యాల్లో అనుమతిస్తారు. అలా జరిగిందా అన్నది పిటిషన్ కాగితం చూస్తే తెలుస్తుంది. కారణం రాయాల్సిన చోట ఫలానా జీవో నంబరు తప్ప ఇంకేమీ లేకపోతే, పీపీ ఆలోచించలేదనే అర్థం చేసుకోవచ్చు. ఏ దశలో అడిగారన్నదీ ముఖ్యమే. అభియోగాలు ఖరారు కాకముందు ఉపసంహరిస్తే నిందితుడు డిశ్చార్జి అవుతాడు. ఖరారయ్యాక అయితే నిర్దోషిగా బయటపడతాడు, అదే నేరంపై మళ్లీ విచారించే దారి దాదాపు మూసుకుపోతుంది.

ఈ లోటును పూడ్చడానికి రెండు అడుగులు పడ్డాయి. ఎంపీలు, ఎమ్మెల్యేలపై ఉన్న కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించరాదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కొత్త చట్టంలోని 360వ సెక్షన్ బాధితుడి వాదన వినకుండా కోర్టు అనుమతి ఇవ్వరాదని చెబుతోంది. కనుక మీ ఫిర్యాదుపై నడుస్తున్న కేసును ఉపసంహరిస్తున్నారని తెలిస్తే, ఉపసంహరణ పిటిషన్ నకలు కోసం దరఖాస్తు చేసి, మీ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఆ కోర్టులోనే దాఖలు చేయండి.