చిల్లర తిరుగు ప్రయాణం

సాయంత్రం ఆరున్నర. కోఠి నుంచి పటాన్‌చెరు వెళ్లే 218 నంబరు బస్సు అమీర్‌పేటలో ఆగింది. దిగినవాళ్లు ముగ్గురు, ఎక్కినవాళ్లు ముప్పై మంది. లోపల ఒకాయన ఫోన్ పైకెత్తి ఫోటో తీశాడనుకుందాం. దాని కింద ఏం రాయాలి?

చాలామంది చేతికి మొదట వచ్చేది ‘కిక్కిరిసిన సిటీ బస్సు’. ఆ సంగతి ఫోటోయే చెబుతోంది. ‘ఇసుక వేస్తే రాలనంత జనం’ అన్నది అంతకంటే పాతది. జాతరకూ అదే, సినిమా హాలుకూ అదే. రాసిన వాక్యాన్ని ఇంకో బస్సు ఫోటో కింద పెట్టి చూడాలి. అక్కడా అతికినట్టు సరిపోతే కొట్టేయడమే.

మళ్లీ ఫోటో చూద్దాం. తలల మీదుగా ఒక వంద నోటు వెళ్తోంది. వెనక డోరు దగ్గర ఇరుక్కున్న మనిషి కండక్టరు దాకా పోలేడు కాబట్టి నోటు పోతుంది. ముక్కూ మొహం తెలియని నలుగురి చేతులు మారి, టికెట్టూ చిల్లరా అదే దారిన వెనక్కి వస్తాయి. ఎవరూ రూపాయి నొక్కేయరు. చిల్లర లేకపోతే కండక్టరు ఇద్దరికీ కలిపి ఒకే నోటిచ్చి ‘మీరిద్దరూ పంచుకోండి’ అంటాడు. దిగాక ఆ ఇద్దరూ కలిసి టీకొట్టు వెతుక్కుంటారు, నోటు మార్చడానికి.

ఇంకో వివరం తెలంగాణ బస్సులో కనిపించేది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, జీరో టికెట్ ఇస్తారు. వాళ్ల సీట్లు ముందువైపు. అంటే బస్సు ముందు సగంలో ఆధార్ కార్డులు, వెనక సగంలో చిల్లర పంచాయితీ. దీనిమీదా ఒక వ్యాఖ్య రాయొచ్చు. కానీ ఈ ఫోటోలో జీరో టికెట్ కనపడటం లేదు, నోటు కనపడుతోంది. కనపడిన దాన్ని పట్టుకుని, కెమెరాకు చిక్కని తర్వాతి క్షణాన్ని చెప్పాలి:

‘అమీర్‌పేట, సాయంత్రం 6.30. వంద నోటు కండక్టరుకు చేరింది. చిల్లర తిరుగు ప్రయాణంలో ఉంది.’

నవ్వు ఇక్కడ ఎవరి మీదా పడలేదు. నలిగిపోయిన చీర మీదో, నిద్రలో నోరు తెరిచిన పెద్దాయన మీదో రాస్తే నలుగురు నవ్వుతారేమో గానీ, ఆ మనిషి రేపూ అదే బస్సెక్కాలి.

కొన్ని ఫోటోలకు హాస్యం అసలే పనికిరాదు. 2025 జూన్ 9న ముంబయి దగ్గర ముంబ్రాలో లోకల్ రైలు తలుపుల్లో వేలాడుతున్న ప్రయాణికులు పట్టాల మీద పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడుతున్న కుర్రాడి ఫోటో దొరికితే ‘సర్కస్ ఫీట్లు’ అని రాయకండి. ఊరు, తేదీ, బస్సు నంబరు రాసి వదిలేయండి.