షేర్లు పదింతలు, విలువ మాత్రం అంతే

షేర్లను విభజించినా, బోనస్ షేర్లు ఇచ్చినా మదుపరి డీమ్యాట్ ఖాతాలో షేర్ల సంఖ్య పెరుగుతుంది, అదే నిష్పత్తిలో షేరు ధర తగ్గుతుంది. బజాజ్ ఫైనాన్స్ 2025 జూన్‌లో ఈ రెండింటినీ ఒకేసారి చేపట్టింది. రూ.2 ముఖ విలువ గల ఒక్కో షేరును రూపాయి ముఖ విలువతో రెండుగా విభజించి, అలా వచ్చిన ప్రతి షేరుకూ 4 బోనస్ షేర్లు ఇచ్చింది. రికార్డు తేదీ జూన్ 16.

అంతకు ముందు షేరు ధర సుమారు రూ.9,300. ఆ ధర వద్ద 20 షేర్లున్న మదుపరి పెట్టుబడి విలువ రూ.1,86,000. విభజనతో 20 షేర్లు 40 అయ్యాయి. వాటిపై 160 బోనస్ షేర్లు కలిసి మొత్తం 200 అయ్యాయి. ధర పదో వంతుకు, అంటే రూ.930కి తగ్గితే మొత్తం విలువ మళ్లీ రూ.1,86,000 అవుతుంది. కంపెనీ మొత్తం షేర్లు కూడా సుమారు 62 కోట్ల నుంచి 620 కోట్లకు పెరగడంతో, అందులో ఈ మదుపరి వాటా ఎంత మాత్రం మారలేదు.

ఖాతా పుస్తకాల్లో మాత్రం రెండింటికీ తేడా ఉంది. విభజనలో ముఖ విలువ సగమై షేర్లు రెట్టింపవుతాయి కాబట్టి వాటా మూలధనం సుమారు రూ.124 కోట్ల దగ్గరే ఉంటుంది. బోనస్‌లో ముఖ విలువ తగ్గదు. కొత్తగా ఇచ్చిన 496 కోట్ల షేర్లకు షేరుకు రూపాయి చొప్పున కంపెనీ తన రిజర్వుల నుంచి మూలధనంలోకి మార్చుకుంటుంది. ఒక పద్దులోని సొమ్ము మరో పద్దుకు చేరుతుందే తప్ప కంపెనీలోకి కొత్తగా డబ్బు రాదు, బయటకూ పోదు. అందుకే నికర విలువ మారదు.

కంగారు పుట్టేది మధ్యలో వచ్చే కొద్ది రోజుల్లోనే. ధర రికార్డు తేదీ ఉదయమే సర్దుబాటవుతుంది, కొత్త షేర్లు ఖాతాలో పడటానికి మాత్రం కొంత సమయం పడుతుంది. అప్పటి వరకు యాప్‌లో పాత 20 షేర్లకే కొత్త ధర కనిపించి, పెట్టుబడి 90 శాతం పడిపోయినట్టు అనిపిస్తుంది. ఇది నిజమైన నష్టమా కాదా అన్నది తేల్చుకోవడానికి కంపెనీ ప్రకటించిన నిష్పత్తిని, రికార్డు తేదీని చూస్తే చాలు.

పన్ను లెక్కలోనూ ఈ తేడా కొనసాగుతుంది. విభజించిన షేర్లకు పాత కొనుగోలు ధరను సమానంగా పంచుతారు, పాత కొనుగోలు తేదీయే వర్తిస్తుంది. ఈ మదుపరి షేరు రూ.7,000 చొప్పున కొని ఉంటే 40 షేర్లకు ఒక్కోదాని ఖర్చు రూ.3,500. మిగిలిన 160 బోనస్ షేర్ల కొనుగోలు ఖర్చును సున్నాగా తీసుకుంటారు, వాటి కాలపరిమితిని కేటాయించిన తేదీ నుంచి లెక్కిస్తారు.