డల్లాస్‌లో ఎనిమిదిన్నర అంటే హైదరాబాద్‌లో ఎన్నింటికి?

జులైలో ఒక బుధవారం డల్లాస్‌లోని టీమ్ లీడ్ గ్రూపులో చిన్న మెసేజ్ పెట్టాడనుకుందాం: ‘రేపు పొద్దున 8.30కి కాల్, సీఎస్‌టీ.’ హైదరాబాద్‌లో టెస్టింగ్ చూసే అమ్మాయి లెక్క వేసుకుంది. సీఎస్‌టీకీ మన టైముకీ పదకొండున్నర గంటల తేడా, అంటే రాత్రి ఎనిమిది. పెందలాడే భోంచేసి, ఎనిమిదికి ఐదు నిమిషాల ముందే లాగిన్ అయింది. అప్పటికే కాల్ అయిపోయింది!

ఆమె లెక్క తప్పలేదు. తప్పంతా ఆ మూడక్షరాల్లోనే ఉంది. సీఎస్‌టీ అనేది డల్లాస్‌లో చలికాలపు టైముకు పేరు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడి గడియారాలు గంట ముందుకు జరిగి ఉంటాయి. ఆ రోజుల్లో దాని పేరు సీడీటీ, మనతో తేడా పదిన్నర గంటలే. కానీ నోటి అలవాటు కొద్దీ చాలామంది ఏడాది పొడవునా సీఎస్‌టీ అనే రాస్తుంటారు. రాసినవాడి మనసులో గోడ మీది గడియారం ఉంది, చదివినామె చేతిలో పట్టిక ఉంది. గంట అక్కడే జారిపోయింది.

ఈ పొట్టి పేర్లతో ఇంకో పేచీ కూడా ఉంది. సీఎస్‌టీ అంటే చైనా టైము కూడా. మన ఐఎస్‌టీని ఐర్లండ్ వాళ్లు తమ వేసవి టైముకు, ఇజ్రాయెల్ వాళ్లు తమ టైముకు వాడుకుంటారు.

అందుకే పొట్టి పేరు మానేసి ఊరి పేరు రాయడం మేలు. డల్లాస్‌లో ఇప్పుడు ఏ టైము నడుస్తోందో ఫోను చూసుకుంటుంది, రాసేవాళ్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పై మెసేజ్ ఇలా ఉంటే సరిపోయేది:

```
Thu 16 Jul 2026, 8:30 AM Dallas
Thu 16 Jul 2026, 7:00 PM Hyderabad
(13:30 UTC)
```

ఒకే సంగతిని మూడుసార్లు రాయడం చాదస్తంలా కనిపిస్తుంది. కానీ ఈ లైన్లు ఒకదానికొకటి సాక్ష్యం. ఒకచోట పొరపాటు జరిగితే లైన్లు పొసగవు, చదివేవాళ్లు వెంటనే ‘ఏది కరెక్టు?’ అని అడుగుతారు. ఒకే లైను ఉంటే ఆ తప్పు తప్పని ఎవరికీ తెలియదు. యూటీసీ అన్నది ఏ ఊరిదీ కాదు, ఏ కాలంలోనూ మారదు. దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైము. మన దేశం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ప్రమాణంగా పెట్టుకుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 330 నిమిషాలు, అదే ఆ ఐదున్నర గంటలు. ఆ అరగంటను మరిచి లెక్కేసేవాళ్లు విదేశాల్లో తక్కువేమీ కాదు.

తేదీ, వారం రెండు లైన్లలోనూ ఎందుకంటే, డల్లాస్‌లో గురువారం రాత్రి తొమ్మిదికి పెట్టిన కాల్ జులైలో ఇక్కడ శుక్రవారం పొద్దున ఏడున్నర అవుతుంది. అక్కడ శుక్రవారం సాయంత్రమంటే మనకు శనివారం, సెలవు. నెలను అంకెతో రాయడం కూడా ప్రమాదమే. 07/08 అంటే అమెరికాలో జులై 8, మనకు ఆగస్టు 7.

మన భాషలోనూ ఒక ఉచ్చు ఉంది. పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మారుతుంది. అందుకే ‘గురువారం రాత్రి ఒంటిగంట’ అంటే తెలుగువాళ్లకు గురువారం పడుకోబోయే రాత్రి. క్యాలెండర్ దాన్ని శుక్రవారంలో వేస్తుంది. మెసేజ్‌లో మాత్రం క్యాలెండర్ మాటే చెల్లాలి. అర్ధరాత్రి పన్నెండుకు ఏదైనా పెట్టాల్సి వస్తే 11:55 అనో 12:05 అనో రాస్తే గొడవ సగం తగ్గుతుంది.

వారం వారం జరిగే మీటింగ్‌ది వేరే కథ. అది ఏ ఊరి గడియారానికి కట్టుబడి ఉందో ముందే తేల్చుకోవాలి. క్యాలెండర్‌లో ఆహ్వానం తయారుచేసేటప్పుడు టైమ్ జోన్ కింద `America/Chicago` ఎంచుకుంటే (డల్లాస్ కూడా అందులోకే వస్తుంది) అక్కడ ఎనిమిదిన్నర కదలదు, మార్పు హైదరాబాద్ మీద పడుతుంది. `Asia/Kolkata` ఎంచుకుంటే ఇక్కడ కదలదు, డల్లాస్ వాళ్లు జరుపుకోవాలి. లండన్ నుంచి కూడా ఎవరైనా చేరితే ఇంకాస్త తిరకాసు. 2026లో అమెరికా మార్చి 8న మారితే, బ్రిటన్ 29న గానీ మారదు. ఆ మూడు వారాలూ పాత లెక్కలేవీ పనికిరావు.

సోమవారాల డల్లాస్ ఎనిమిదిన్నర కాల్‌నే తీసుకుంటే, 2026 మార్చి 2న హైదరాబాద్‌లో అది రాత్రి 8 గంటలకు. మార్చి 9న 7కే మొదలైపోతుంది. నవంబరు 2న మళ్లీ 8కి వెళ్తుంది. మార్చిలో సగం టీమ్ ఆలస్యంగా వస్తుంది, నవంబరులో అదే సగం టీమ్ ఏడింటికే వచ్చి ఖాళీ స్క్రీను చూస్తూ కూర్చుంటుంది. అంతకుముందు శుక్రవారమే ‘సోమవారం నుంచి హైదరాబాద్‌లో 8:00 PM’ అని గ్రూపులో ఒక్క లైను పెడితే ఆ గంట మిగులుతుంది.