బాత్రూములో ఎవరి పని ఎక్కడ ఆగుతుంది?

ఐదంతస్తుల అపార్ట్‌మెంటు ఒకటి అనుకుందాం. అంతస్తుకు రెండు ఫ్లాట్లు, ఫ్లాటుకు రెండు బాత్రూములు. స్లాబులు, గోడలు మెయిన్ కాంట్రాక్టరు మనుషులే కడతారు. ప్లాస్టరింగు, టైల్స్ మాత్రం ఒక సబ్ కాంట్రాక్టరుకు ఇచ్చారు. ప్లంబింగు, కరెంటు, వాటర్‌ప్రూఫింగు వేరేవాళ్లవి. ఒప్పందంలో పని గురించి ఉన్నది ఒక్క వాక్యమే: "డ్రాయింగుల ప్రకారం ప్లాస్టరింగు, టైల్స్ పని పూర్తిగా చేయవలెను." చదరపు అడుగుకు ఇంత అని రేటు వేసుకుని సంతకాలు పెట్టారు.

ఈ వాక్యంలో పని పేరు ఉంది గానీ, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో లేదు. ఆ లోటు అన్నిటికంటే ముందు బాత్రూములో బయటపడుతుంది. ఐదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న ఆ చిన్న గదిలోనే అందరి పనులూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి మరి.

ముందు గోడ సంగతి చూద్దాం. ప్లాస్టరింగు కొలతలు తీసేటప్పుడు బాత్రూము గోడలు కూడా లెక్కలోకి వస్తాయి. టైల్స్ రేటు అడిగితే, చాలామంది టైలు కింద పరిచే 12 మిల్లీమీటర్ల సిమెంటు మాలును కూడా కలిపి చెబుతారు. ప్రభుత్వ రేట్ల పట్టికల్లో గోడ టైల్స్ ఐటమ్‌ను రాసే పద్ధతే అది. అంటే గోడ మీది ఒకే పొరకు రెండు రేట్లు. ఏడడుగుల ఎత్తు వరకు టైల్స్ అనుకుంటే, తలుపు పోను బాత్రూముకు 165 చదరపు అడుగుల దాకా వస్తుంది. ఇరవై బాత్రూములకు 3,300. మెయిన్ కాంట్రాక్టరు బిల్లు చెల్లించేటప్పుడు పట్టుకుంటాడు, సబ్ కాంట్రాక్టరు "రేటు ఒప్పుకున్నారు కదండీ" అంటాడు. ఇద్దరి దగ్గరా కాగితం ఉంది, ఆ కాగితమే తేల్చదు.

దీన్ని ఆపడానికి రాయాల్సింది చిన్న క్లాజే. "టైల్స్ వచ్చే గోడల మీద గరుకు ప్లాస్టరింగు ప్లాస్టరింగు ఐటమ్‌లో కొలవబడుతుంది. ఆ గోడకు టైల్స్ రేటులో అడెసివ్, టైలు అమర్చడం, జాయింట్లు నింపడం మాత్రమే ఉంటాయి." అడెసివ్ బదులు మాలు మీదే అతికించేట్టయితే తిరగేసి రాయాలి: అక్కడ ప్లాస్టరింగు కొలత ఉండదు. ఏ పద్ధతైనా ఫరవాలేదు, ఆ పొర ఒకే చోట లెక్కకు రావాలి.

ఇక నేల. కమోడ్ పైపులు పోవడానికి బాత్రూము స్లాబును మిగతా ఇంటికంటే కిందికి దించి పోస్తారు. తొమ్మిది అంగుళాలు దించారనుకోండి, ఆ గుంత 30 ఘనపుటడుగులు. ఇరవై బాత్రూములకు 600, అంటే దాదాపు 17 ఘనమీటర్లు. వాటర్‌ప్రూఫింగు చేసి, పైపులు వేశాక, దీన్ని ఇటుక ముక్కలతోనో మరో తేలికపాటి సరుకుతోనో నింపి, పైన కాంక్రీటు పొర వేయాలి. ఎవరు? మెయిన్ కాంట్రాక్టరు దృష్టిలో అది టైల్స్ కింద తయారీ. టైల్స్ మేస్త్రి దృష్టిలో అది సివిల్ పని. ప్లంబరు పైపు వేసి వెళ్లిపోయాడు.

ఇలా ఎవరిదీ కాని పనిని చివరికి ఎవరో ఒకరు హడావిడిగా కానిచ్చేస్తారు. అదే నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. సైటులో పడి ఉన్న కాంక్రీటు పెళ్లలు, మేకులున్న చెక్కముక్కలు ఆ గుంతలోకి పోతాయి. వాటి అంచులు కింద ఉన్న వాటర్‌ప్రూఫింగు పొరను చీలుస్తాయి. కొన్నాళ్లకు కింది ఫ్లాటువాళ్ల సీలింగు మీద తడి మరక కనిపిస్తుంది. అప్పటికి ఇల్లు కొన్నవాళ్లు తిరగాల్సిన గుమ్మాలు నాలుగు.

ఇక్కడ క్లాజు రెండు సంగతులు చెప్పాలి. నింపడం ఎవరి పని, ఏ సరుకుతో, ఏ కొలతతో అన్నది మొదటిది. నా అభిప్రాయంలో దీన్ని టైల్స్ రేటులో కలపకుండా ఘనమీటరుకు వేరే ఐటమ్‌గా పెట్టి, టైల్స్ సబ్ కాంట్రాక్టరుకే ఇవ్వడం మేలు, పై లెవెల్ కుదరాల్సింది అతనికే కాబట్టి. రెండోది, గది చేతులు మారే క్షణం. వాటర్‌ప్రూఫింగు అయ్యాక 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింద నుంచి చూసి, తడి లేదని ముగ్గురూ సంతకం చేయాలి. ఆ సంతకానికి ముందు కారితే వాటర్‌ప్రూఫింగు చేసినవాడిది బాధ్యత. గుంత నింపాక, టైలు వేయకముందు మరోసారి నీళ్లు నిలబెట్టాలి. అప్పుడు కారితే నింపినవాడే సొంత ఖర్చుతో తవ్వించి, పొర బాగు చేయించాలి. టైలు వేశాక పరీక్షిస్తే తప్పు ఎవరిదో తేల్చడం ఎవరి తరమూ కాదు.

నీటి వాలుకూ ఇదే తీరు వర్తిస్తుంది. నీళ్లు ట్రాపు వైపు పోవాలంటే మీటరుకు సెంటీమీటరైనా వాలు కావాలి. వాలు ఇవ్వాల్సింది టైల్స్ మేస్త్రి. కానీ ట్రాపును ప్లంబరు రెండు సెంటీమీటర్లు ఎత్తుగా బిగిస్తే ఎంత మంచి మేస్త్రి అయినా ఏమీ చేయలేడు. కాబట్టి పూర్తయిన నేలకు సరిగ్గా మీటరు ఎత్తున ప్రతి గదిలో గోడ మీద లెవెల్ గీత కొట్టి ఇవ్వడం మెయిన్ కాంట్రాక్టరు పని అనీ, ట్రాపు పై అంచు ఆ గీతకు ఎంత కింద ఉండాలో డ్రాయింగులో ఉంటుందనీ రాయాలి. మేస్త్రి టైలు మొదలుపెట్టేముందు టేపు పెట్టి చూసుకుంటాడు. తేడా ఉంటే పని ఆపి రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకుండా వేసేస్తే ఆ వాలు బాధ్యత అతనిదే.

బాత్రూము దాటి హాల్లోకి వస్తే పెద్ద తగాదా ప్లాస్టరింగు మందం మీద. రేటు 12 మిల్లీమీటర్లకు ఇచ్చారు, ఇటుక గోడేమో తూకం తప్పి ఉంది. గోడను నిలువుగా తేవాలంటే కొన్నిచోట్ల పాతిక మిల్లీమీటర్లు వేయాల్సి వస్తుంది. పది వేల చదరపు అడుగుల మీద ఒక్క మిల్లీమీటరు పెరిగినా దాదాపు ఘనమీటరు మాలు. ఒకటికి నాలుగు పాళ్ల మాలులో అది ఏడు బస్తాల సిమెంటు. గోడ కట్టింది మెయిన్ కాంట్రాక్టరు, సిమెంటు పోసేది సబ్ కాంట్రాక్టరు అయితే ఒకరి తప్పుకు మరొకరు చెల్లిస్తున్నట్టే. అందుకని ఇలా రాసుకోవాలి: గోడను ఫలానా మిల్లీమీటర్ల తేడా లోపల అప్పగిస్తారు, ప్లాస్టరింగుకు ముందు ఇద్దరూ తూకం గుండు పెట్టి చూస్తారు, అంతకు మించిన మందానికి వేరే రేటు ఉంటుంది. ఎంత తేడా వరకు సర్దుకోవాలన్నది బేరం. పది అన్నా సరే, ఎనిమిది అన్నా సరే, అంకె మాత్రం కాగితం మీద ఉండాలి.

కాంక్రీటు కాలమ్, ఇటుక గోడ కలిసే గీత మీద పగుళ్లు రాకుండా కొట్టే చికెన్ మెష్, కరెంటు పైపుల కోసం కొట్టిన గాళ్లు పూడ్చడం, రెండూ తరచు రెండు ఒప్పందాల్లో ఉంటాయి, లేదంటే ఎందులోనూ ఉండవు. ఒక్కో వరుసలో పేరు రాసేస్తే సరిపోతుంది. గోడ అడుగున స్కర్టింగు టైలుకు ఇంకాస్త జాగ్రత్త కావాలి. ప్లాస్టరింగును నేల దాకా దించేస్తే టైలు గోడకంటే బయటికి పొడుచుకొస్తుంది, దాని మీద దుమ్ము నిలుస్తుంది. స్కర్టింగు ఎత్తు వరకు వదిలి ప్లాస్టరింగు ఆపాలని ముందే రాయకపోతే, ఆరిన ప్లాస్టరింగును ఉలితో చెక్కాలి. ఆ కూలి ఎవరిదన్నది మళ్లీ కొత్త తగాదా.

"పూర్తిగా చేయవలెను" అనే మాట ఉంటే చాలు, ఖాళీలన్నీ సబ్ కాంట్రాక్టరు మీదికే పోతాయి కదా అని కొందరు మెయిన్ కాంట్రాక్టర్లు ధీమాగా ఉంటారు. రేటులో లేని పనిని ఏ మేస్త్రీ మనసు పెట్టి చేయడు. పైగా 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 70వ సెక్షను ఉంది. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయంగా పని చేసి, మరొకరు ఆ ఫలం అనుభవిస్తే పరిహారం అడగవచ్చని అది చెబుతుంది. ఆ పని అసలు ఒప్పందంలో ఉందా లేదా అన్నదే కోర్టులో మొదటి ప్రశ్న అవుతుంది. గుంత నింపడానికి వేరే ఐటమ్ రాసి ఉంటే ఆ ప్రశ్నకు తావుండదు, 17 ఘనమీటర్లకు బిల్లు ఆ నెలలోనే తేలిపోతుంది.